వెలుతురు కంటే ముందు వేరును చూపించండి

*ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. మొక్కలు వెలుతురు వైపు వంగుతాయని ఇంట్లోనే చూపించే ప్రయోగం ఏదైనా చెప్తారా?*

అట్టపెట్టెకు ఒక పక్కన రూపాయి బిళ్లంత బొక్క పెట్టి, లోపల పెసర మొలకల కుండీ ఉంచండి. రెండు మూడు రోజుల్లో మొలకలన్నీ బొక్క దిక్కే వాలతాయి. కానీ నన్నడిగితే ముందు వేరు భూమి దిక్కు వంగడాన్ని చూపించాలి.

హన్మకొండలో మేం అద్దెకున్నప్పుడు మా బిడ్డతో చేయించిన. బొబ్బర్లు రాత్రి నానబెట్టి, గుడ్డలో మూట కట్టినం. వేరు సెంటీమీటరు రాగానే, పాత సీడీ డబ్బాలో తడిపి పిండిన గుడ్డ పరిచి, గింజలు పేర్చి, రబ్బరు బ్యాండు వేసి కిటికీలో నిలబెట్టినం. వేర్లు నిటారుగా దిగినంక డబ్బాను పక్కకు తిప్పినం. తెల్లారేసరికి వంగినయి. "నాయినా, ఇవి భూమి దిక్కు వంగినయా, వెలుగుకు భయపడి వంగినయా?" అనడిగింది. నా దగ్గర జవాబు లేదు. కిటికీలో పెడితే రెండూ కలిసిపోతాయి. చాలా ఇళ్లలో జరిగే తప్పు ఇదే.

మళ్లీ మొదలుపెట్టి, ఈసారి డబ్బాను బీరువాలో చీకట్లో పెట్టినం. రాత్రి తిప్పితే పొద్దున వేర్లు కొక్కెంలాగా కిందికి వంగి ఉన్నయి, కాండం పైకి లేచింది. వెలుగు లేకున్నా వంగినయంటే దారి చూపింది భూమ్యాకర్షణే. చీకట్లో మొలక తల వంచుకునే ఉంటది, దాన్ని చూసి మోసపోవద్దు, దాని కింది కాండాన్ని చూడాలి. ఇంకోటి, ముందు పెరిగిన వేరు అడ్డంగానే ఉండిపోయింది. వంగింది కొనకు కాస్త వెనక, కొత్తగా సాగే చోట మాత్రమే.

మూడు గింజలకు వేరు కొన మిల్లీమీటరు మేర బ్లేడుతో నేనే కోసి, కోయని మూడింటి పక్కన పెట్టిన. కోసినవి కొంత సాగినయి గానీ వంగలేదు. కొనలోని కణాల్లో బరువైన పిండి రేణువులుంటాయి. వేరు పక్కకు తిరిగితే అవి కింది గోడ మీదికి జారతాయి, కింది దిక్కు ఏదో వేరుకు తెలిసేది అట్లనే. ఆ తర్వాత ఆక్సిన్ అనే హార్మోను కింది పక్కకు ఎక్కువ చేరుతుంది. వేరులో అది పెరుగుదలను ఆపుతుంది కనుక పై పక్క ఎక్కువ సాగి వేరు కిందికి వంగుతుంది. కాండంలో అదే హార్మోను పెరుగుదలను పెంచుతుంది, అందుకే అది పైకి లేస్తుంది.

గుడ్డ నీళ్లు కారేంత తడిగా ఉంటే గింజలు కుళ్లి వాసనొస్తాయి.

బడిలో అత్తిపత్తిని కూడా ఇట్లా ఒక దిక్కుకు వంగడానికి ఉదాహరణగా చెప్తుంటే నాకు చాలా బాధైతది. దాన్ని ఏ పక్క ముట్టినా ఆకు ఒకే తీరుగా ముడుచుకుంటది, ముట్టిన దిక్కుతో పని లేదు. స్పర్శ చూపించాలంటే కాకర పందిరి దగ్గరికి తీసుకుపోండి. లేత నులితీగ కొనకు దగ్గర, లోపలి పక్కన పుల్లతో మెల్లగా నాలుగైదు సార్లు రుద్ది కాసేపు ఆగితే, రుద్దిన దిక్కుకే వంగుతది.