కుర్తీ కొలతలు రాసే తీరు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

విజయనగరం నుంచి అత్తయ్య ఆశీస్సులు. నువ్వు అమ్మితే వాపసు వచ్చిన కుర్తీల మూట అందింది. అన్నిటికీ టేపు పెట్టి చూశాను. కుట్టు చక్కగా ఉంది, కొలతలు కూడా నువ్వు రాసినట్టే ఉన్నాయి. చిక్కంతా వాటిని రాసిన తీరులో ఉంది.

"సైజు ఎల్, ఛాతీ 40" అని పెట్టావు. కుర్తీని బల్ల మీద పరిచి ఒక చంక కింద నుంచి రెండో చంక కిందకు కొలిస్తే 20 అంగుళాలు, రెట్టింపు చేస్తే 40. అది గుడ్డ కొలత. చదివినావిడ మాత్రం అది తన ఒంటి కొలత అనుకుంది. సాగని నూలు గుడ్డలో ఊపిరి తీసుకోవడానికి, చేయి ఎత్తడానికి ఛాతీ దగ్గర కనీసం రెండు అంగుళాల వదులు ఉండాలి. అంటే ఈ కుర్తీ 38 ఛాతీ వారికి సరిపోతుంది. 40 ఉన్నావిడకు పట్టేయక ఏం చేస్తుంది? అక్షరాల సైజుదీ అదే గొడవ. ఒక దుకాణం ఎల్ మరో దుకాణం ఎమ్ అవుతుంది. కాబట్టి రెండు కొలతలూ విడదీసి ఇలా రాయి:

"కుర్తీ ఛాతీ చుట్టుకొలత 40 అంగుళాలు. ఒంటి ఛాతీ 37 నుంచి 38 అంగుళాలు ఉన్నవారికి సరిపోతుంది. మీ ఒంటి ఛాతీ 39 లేదా 40 అయితే దీని పై సైజు తీసుకోండి."

ఆ మూడో వాక్యం మరిచిపోకు. వాపసు పంపేవారిలో ఎక్కువమంది రెండు సైజుల మధ్య ఊగిసలాడినవారే.

ఇంట్లో టేపు పెట్టుకుని ఒళ్లు కొలుచుకునేవారు మనలో తక్కువ. దర్జీకి ఆది జాకెట్టు ఇచ్చి వచ్చే అలవాటే మనది. ఆ అలవాటునే వాడుకో. "మీకు బాగా కుదిరిన నూలు కుర్తీని పరిచి, ముడతలు సర్ది, లాగకుండా, చంక కుట్టుకు ఒక అంగుళం కింద అడ్డంగా కొలవండి. మీ కొలత 20 దగ్గర వస్తే ఈ సైజే మీది" అని రాయి. నూలు అని తప్పకుండా చెప్పాలి. సాగే గుడ్డ కుర్తీని ఆదిగా పెట్టుకుంటే ఆవిడకు చిన్న సైజు వస్తుంది, తిట్లు నీకు వస్తాయి. పొడవు ఎక్కడి నుంచి కొలిచావో కూడా చెప్పు: మెడ పక్కన భుజం కుట్టు దగ్గర నుంచి కింది అంచు దాకా. మెడ లోతు నుంచి కొలిచేవారికి లెక్క తప్పుతుంది.

మూటలో రెండు కుర్తీల చీటీల మీద "బిగుతు" అని మాత్రమే ఉంది. ఎక్కడ బిగుతు అని అడిగావా? ఆ రెంటికీ ఛాతీ బాగానే ఉంది, చేయి చుట్టు 12 అంగుళాలే. ఛాతీ ఒకటే అయినా దండచేయి లావు మనిషికీ మనిషికీ మారుతుంది. నీ కొలతల పట్టికలో అసలు ఆ గడే లేదు. చేయి చుట్టు, సీటు చుట్టు, రెండూ చేర్చు. పక్క చీలికలు నడుము దగ్గరే మొదలయ్యే కుర్తీకి సీటు అంత ముఖ్యం కాదు, చీలిక లేనిదానికి అదే ప్రాణం.

ఇక పొందూరు గుడ్డ సంగతి. చేతి వడుకు, చేతి నేత కనుక ఒక తానులా మరో తాను ముడుచుకోదు. ప్రతి తాను నుంచి ఒక ముక్క తీసి, దాని మీద 20 అంగుళాల చదరం గీసి, ఉతికి ఆరబెట్టి, నిలువూ అడ్డమూ విడివిడిగా కొలువు. నిలువు 19¼ వచ్చిందనుకో, 44 అంగుళాల కుర్తీ ఒకటిన్నర అంగుళానికి పైగా కురచవుతుంది. గుడ్డను ముందే తడిపి కుట్టించడం మేలు. అలా వీలు కాకపోతే "పొడవు 44, మొదటి ఉతుకు తర్వాత సుమారు 42" అని ముందే రాసెయ్యి. ఉతికాక పొట్టిదైందని వచ్చే కుర్తీని మళ్లీ అమ్మలేవు.

పక్క కుట్ల లోపల వదిలిన గుడ్డ గురించి కూడా ఒక వాక్యం ఉండాలి. ముందు, వెనక ముక్కల్లో రెండు పక్కలా అర అంగుళం చొప్పున విప్పగలిగితే ఛాతీ రెండు అంగుళాలు పెరుగుతుంది. చాలామంది వాపసు పంపకుండా వీధి చివర దర్జీ దగ్గరకు వెళ్తారు. ముదురు రంగుల్లో పాత కుట్టు గీత కనబడుతుంది, ఆ సంగతి దాచకు.

కఫ్తానుకు పెట్టిన "ఫ్రీ సైజు" అన్న మాట ఈ రాత్రే తీసెయ్యి. దాని ఛాతీ 46 వచ్చింది, ఆ అంకె పెట్టు.

ఇట్లు,
మీ అత్తయ్య