నోటీసులో తేదీ ఎలా రాయాలి?

"బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ నోటీసులు నేనే రాస్తాను. 'వచ్చే నెల మూడో తేదీన నీళ్ల ట్యాంకు కడుగుతారు' అని పెడితే సగం మంది తప్పుగా అర్థం చేసుకున్నారు. ఎలా రాయాలి?"

చిక్కంతా 'వచ్చే నెల' దగ్గరే ఉందండీ. మీరు జూన్ 28న రాశారనుకుందాం. మీ లెక్కలో అది జూలై 3. ఊరి నుంచి వచ్చి జూలై 1న గోడ మీద చదివినవాళ్లకు అది ఆగస్టు 3. ఇద్దరిదీ తప్పు కాదు. రాసిన రోజు తెలియకపోతే ఆ మాటకు అర్థం లేదు. 'ఈ శుక్రవారం', 'ఎల్లుండి' కూడా అంతే.

అందుకే నెల పేరు పెట్టి, వారం కలిపి రాయండి: '2026 జూలై 3వ తేదీ, శుక్రవారం'. వారం ఉంటే మీరు అంకె తప్పు టైపు చేసినా చదివేవాళ్లు పట్టుకుంటారు. 3/7 అని మాత్రం వద్దు, అమెరికా అలవాటున్న పిల్లలు దాన్ని మార్చి 7గా చదువుతారు.

'మూడో', 'మూడవ', '3వ' మూడూ సరైనవే, కానీ ఒకటే ఎంచుకోండి. నేనైతే అంకెనే వాడతాను, దూరం నుంచి కనిపిస్తుంది. 'వ'ని అంకెకు ఆనించి రాయండి. మధ్యలో ఖాళీ ఉంటే పంక్తి చివర అంకె ఒకచోట, 'వ' ఇంకోచోట పడతాయి. 'జూలై 3న' అన్నా చాలు, '3వన' అనకూడదు. జూలై, జులై కూడా కలపకండి, వాట్సాప్ గ్రూపులో పాత నోటీసు వెతికితే దొరకదు.

గడువు చెప్పేటప్పుడు '3వ తేదీలోగా' అంటే ఆ రోజు కలుస్తుందా లేదా అని గొడవ. '3వ తేదీ సాయంత్రం 5 గంటల వరకు' అనండి.