అనువదించిన పేరాను తిరగరాయడం గురించి ఒక లేఖ

రాజమహేంద్రవరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ సిద్ధాంతగ్రంథం రెండో అధ్యాయంతోపాటు పంపిన సిమిలారిటీ రిపోర్టు చూశాను, ఇతరుల రాతలతో కలిసిన వాక్యాలకు సాఫ్ట్‌వేర్ ఎర్రరంగు వేసింది. మొత్తం 23 శాతం వచ్చిందని కంగారు పడ్డావు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించిన ప్రతి ఇవ్వాలంటారు. నీకు దారి ఉంది. అయితే నువ్వు అడిగిన ప్రశ్న నాకు నచ్చలేదు. “ఏ మాటలు మారిస్తే ఎర్రరంగు పోతుంది మాస్టారూ?” అని అడిగావు. తెలుగులో ఆ రంగు పోగొట్టడం చాలా సులువు, అందుకే ఆ దారిన వెళ్లవద్దని చెబుతున్నాను. మన భాషలో విభక్తులూ క్రియా ప్రత్యయాలూ పదానికే అతుక్కుని ఉంటాయి కనుక, “గ్రంథంలో” అన్నదాన్ని “గ్రంథమందు” అంటే వరుస తెగిపోయి సాఫ్ట్‌వేర్ దాన్ని కొత్త మాటగా లెక్కిస్తుంది. దానివల్ల ఆ మాట నీది కాదు.

ఎర్రగా వచ్చిన పేరాను ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

“1816లో ప్రచురితమైన కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ రాసిన పీఠికా వ్యాఖ్యలో దక్షిణ భారత భాషలు సంస్కృతం నుండి పుట్టినవి కావనే వాదన మొట్టమొదటిసారిగా నిరూపించబడింది. ఈ ద్రావిడ నిరూపణ కాల్డ్‌వెల్ యొక్క 1856 నాటి గ్రంథం కంటే నలభై సంవత్సరాలు ముందుగా చేయబడింది. అయినప్పటికీ ఎల్లిస్ యొక్క కృషి కాల్డ్‌వెల్ నీడలో ఉండిపోయింది.”

దీన్ని ఒక ఇంగ్లీషు వ్యాసం నుంచి స్వయంగా అనువదించానని అన్నావు, నమ్ముతాను. మరి ఒక పాత తెలుగు వ్యాసంతో ఎలా కలిసింది? ఆ వ్యాసకర్త కూడా అదే ఇంగ్లీషు వాక్యాన్ని అనువదించి ఉండాలి. ఇంగ్లీషు కర్మణి వాక్యాన్ని ఇద్దరూ “బడింది”గా మార్చి, ఇంగ్లీషు షష్ఠిని ఇద్దరూ “యొక్క”గా మారిస్తే వాక్యాలు కవలపిల్లల్లా ఉంటాయి. ఇంకొక సంగతి కూడా గమనించు. ఆ తెలుగు వ్యాసం లేకపోయి ఉంటే నీ పేరా మీద ఒక్క గీత కూడా పడేది కాదు, కానీ ఇంగ్లీషు రచయితకు నువ్వు పడిన బాకీ అప్పుడూ అంతే ఉండేది. మీ విశ్వవిద్యాలయంలో రిపోర్టు చూసేవారు తెల్లగా వచ్చిన పేరాలను అడగరు. నేను అడుగుతాను.

ఇక పనిలోకి వద్దాం. ముందు ఈ మూడు వాక్యాల్లో ఏది ఎవరిదో విడదీయాలి. 1816, 1856 అనే సంవత్సరాలూ వాటి మధ్య నలభై ఏళ్ల తేడా ఎవరి సొత్తూ కావు, ఎవరైనా లెక్క వేయగలరు. “మొట్టమొదటిసారిగా” అన్నది మాత్రం తీర్పు. ఎవరో పరిశీలించి తేల్చిన మాటను నీ నోటితో అనాలంటే ఆ పరిశీలన నువ్వూ చేసి ఉండాలి, లేదా ఆ మనిషి పేరు చెప్పాలి. “ద్రావిడ నిరూపణ” అన్న పదబంధం థామస్ ట్రౌట్‌మన్ 2006లో వెలువరించిన పుస్తకపు ఉపశీర్షికలోనే ఉంది. నువ్వు దాన్ని మామూలు తెలుగు మాటలాగా వాడేశావు. “నీడలో ఉండిపోయింది” అన్న రూపకం నీ మూల వ్యాసకర్తది. అది నీ వాదనకు అవసరమైతే కొటేషన్ గుర్తుల మధ్య, పుట సంఖ్యతో, “అనువాదం నాది” అన్న గమనికతో ఉంచు, లేకుంటే వదిలెయ్యి. దాన్ని “చాటున మిగిలిపోయింది” అని మార్చడం మాత్రం రెండు విధాలా తప్పు. పేరూ చెప్పవు, ఆయన మాటనూ చెడగొడతావు.

పర్యాయపదాలతో ఒక విద్యార్థి చేసిన పని నాకు ఇప్పటికీ గుర్తుంది. “వాదన”ను “సిద్ధాంతం”గా, “తద్భవం”ను “మార్పు చెందిన పదం”గా, “ధాతువు”ను “మూలపదం”గా మార్చుకుంటూ పోయాడు. శాతం తగ్గింది. వైవాలో పరీక్షకులు “ఎల్లిస్ సిద్ధాంతం అంటే ఏమిటి?” అని అడిగితే జవాబు లేదు, ఎందుకంటే మూలంలో ఉన్నది వాదనే. పారిభాషిక పదాలను ముట్టుకోవద్దు. అవి కలిసినా ఫర్వాలేదు. పద్నాలుగు వరుస పదాల వరకు కలిసే సాధారణ మాటలను యూజీసీ నిబంధనలే మినహాయించాయి. ఇంగ్లీషులో పద్నాలుగు పదాలంటే ఒక వాక్యం, మన సమాసాలతో అయితే దాదాపు ఒక పేరా అన్నది వేరే సంగతి. కాబట్టి ఆ అంకెను గొడుగులా పట్టుకోకు.

ఇప్పుడు రాయడం. ఇంగ్లీషు వ్యాసాన్నీ నీ పాత పేరానూ పక్కన పెట్టి, ఎల్లిస్ వ్యాఖ్యను నేరుగా చదువు. కాంప్‌బెల్ వ్యాకరణం స్కాను ప్రతి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఒక కాగితం మీద విషయాలను వాక్యాలుగా కాక ముక్కలుగా రాసుకుని, ఒక్కొక్క ముక్క ఎదుట పుట సంఖ్య వెయ్యి. ఆ తరువాత పుస్తకం మూసి, నీ అధ్యాయానికి ఈ పేరా ఎందుకు కావాలో నిన్ను నువ్వు ప్రశ్నించుకో. నీ విషయం తెలుగు వ్యాకర్తల పద విభజన. మూల వ్యాసకర్త విషయం ఎల్లిస్‌కు దక్కని ఖ్యాతి. ఆయన వాక్యక్రమం నీకు పనికిరానిది ఇందువల్లే. నేనైతే ఇలా మొదలుపెడతాను.

“తెలుగు మాటలను తత్సమ, తద్భవ, దేశ్యాలుగా విడదీయడం మన వ్యాకర్తలకు పాత అలవాటే. మామిడి వెంకయ్య ‘ఆంధ్ర దీపిక’లో చెప్పిన ఈ విభజనను ఎల్లిస్ తన వాదనలో వాడుకున్నాడు (ఎల్లిస్ 1816: పుట). సంస్కృతం నుంచి వచ్చినవాటిని పక్కకు తీశాక మిగిలే ధాతువులను తమిళ, కన్నడ ధాతువులతో పోల్చి, ఈ భాషలకు సంస్కృతం తల్లి కాదని చూపాడు. ట్రౌట్‌మన్ దీనినే ‘ద్రావిడ నిరూపణ’ అన్నాడు (2006, అనువాదం నాది). కాల్డ్‌వెల్ వ్యాకరణం వెలువడింది 1856లో.”

“బడింది” గానీ “యొక్క” గానీ ఇందులో ఒక్కసారి కూడా రాలేదు చూడు. వాటిని తీసేద్దామని కూర్చుని రాయలేదు, తెలుగులో ఆలోచిస్తే అవి రావు. ట్రౌట్‌మన్ పుస్తకం నువ్వు చూడకుండా ఇంకొకరి వ్యాసంలో మాత్రమే ఆ మాట చదివి ఉంటే, నేరుగా ఆయన పేరు పెట్టకు. “ఫలానా వ్యాసంలో ఉదహరించినట్లు” అని ఆ వ్యాసం పేరే రాయి. చూడని పుస్తకానికి పుట సంఖ్య వేసిన వాళ్లు దొరికిపోవడం నేను రెండుసార్లు చూశాను, ఎందుకంటే ఆ వ్యాసంలోని అచ్చుతప్పు కూడా వాళ్ల సిద్ధాంతగ్రంథంలోకి వచ్చేసింది.

మళ్లీ రిపోర్టు తీయించే ముందు మరొక పని ఉంది. నీ నాలుగో అధ్యాయానికి 2 శాతం వచ్చిందని సంతోషించావు కదా, ఆ ఫైలు అను ఫాంట్లలో ఉంది. యూనికోడ్ కాని అక్షరాలు సాఫ్ట్‌వేర్‌కు తెలుగుగా కనిపించవు, కనుక ఆ 2 శాతానికి అర్థం లేదు. యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో చెడిన ఒత్తులనూ సంయుక్తాక్షరాలనూ దిద్ది, అప్పుడు తీయించు. కొటేషన్లనూ గ్రంథసూచినీ లెక్కలోంచి తీసేసే సెట్టింగు పెట్టారో లేదో లైబ్రరీలో అడుగు. తీసేయకుండా వచ్చిన అంకెతో పోల్చితే నిజాయితీగా ఇచ్చిన కొటేషన్లే నేరంగా కనిపిస్తాయి, విద్యార్థులు భయపడి వాటినే తీసేస్తారు.

ఆ తరువాత కూడా పుస్తకాల పేర్లు, సంవత్సరాలు, ఒకటి రెండు పారిభాషిక పదాలు రంగులో మిగులుతాయి. వాటిని అలాగే ఉండనివ్వు. వచ్చే ఆదివారం లోపు పాత పేరా, కొత్త పేరా, నువ్వు చదివిన మూలపుటల ఫొటోలు ఒకే ఫైలులో పెట్టి పంపు. నా నమూనాను యథాతథంగా పంపితే తిప్పి పంపుతాను.

ఇట్లు,
మీ మాస్టారు