బాక్సు పలకలేదు, డబ్బు రెండుసార్లు పోయింది

ప్రశ్న: విజయనగరం గంటస్తంభం దగ్గర బట్టల షాపులో క్యూఆర్ స్కాన్ చేసి రూ.6,480 కట్టాను. తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. షాపాయన "అమ్మా, బాక్సు పలకలేదు, మళ్లీ కొట్టండి" అంటే మళ్లీ కట్టాను. ఇంటికొచ్చి చూస్తే రెండుసార్లూ కట్ అయింది. ఆయన ఒక్కటే వచ్చిందంటున్నారు. పది రోజులైంది. నా దగ్గర రెండో దాని స్క్రీన్‌షాట్ మాత్రమే ఉంది. ఏం చెయ్యాలి?

జవాబు: మొదటి దానికి స్క్రీన్‌షాట్ లేదని టెన్షన్ పడకండి. యాప్‌లో హిస్టరీ తెరిస్తే రెండు చెల్లింపులూ ఉంటాయి. ముందు మొదటి దాని మీద నొక్కి, ఇప్పుడు దాని స్టేటస్ ఏమని ఉందో చూడండి. ఆ రోజు చక్రం తిరిగిందంటే అప్పటికి సమాధానం రాలేదనే అర్థం. తరవాత అది సక్సెస్‌గానో ఫెయిల్డ్‌గానో మారి ఉంటుంది. మీ దారి దాన్నిబట్టే తేలుతుంది.

సక్సెస్ అని ఉంటే కింద యూటీఆర్ అనే 12 అంకెల నంబరు కనిపిస్తుంది. మీ అసలు రుజువు అదే. నకిలీ సక్సెస్ తెర చూపించే యాప్‌లు ఉన్నాయి కాబట్టి షాపువాళ్లు స్క్రీన్‌షాట్‌ను నమ్మకపోవడంలో తప్పు లేదు. యూటీఆర్ అలా కాదు. అదే నంబరు మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనూ ఉంటుంది, ఆయన వైపు లెక్కలోనూ ఉంటుంది. స్టేట్‌మెంట్‌లో ఆ రోజు పేజీ ప్రింటు తీసి, రెండు నంబర్ల కింద గీత గీసి షాపుకు తీసుకెళ్లండి. బాక్సు పలికిందా లేదా అన్నది వదిలేసి, ఆ తేదీ లావాదేవీల జాబితా తెరిచి ఈ నంబర్లు వెతకమనండి. బాక్సులో ఉన్నది వేరే సిమ్ము. దానికి సిగ్నల్ లేకపోతే డబ్బు వచ్చినా పలకదు. పైగా వ్యాపారి క్యూఆర్‌లో ఒక్కోసారి డబ్బు మర్నాడు గానీ బ్యాంకు ఖాతాలో పడదు. ఆ రాత్రి పాస్‌బుక్ చూసి "ఒక్కటే వచ్చింది" అని ఆయన నిజంగానే అనుకుని ఉండొచ్చు.

అక్కడే ఇంకోటి గమనించండి: రెండు చెల్లింపుల్లో ఎదుటివాళ్ల పేరు ఒకటేనా? శ్రీకాకుళంలో ఒక కిరాణా కొట్లో నేను కట్టిన డబ్బు ఇలాగే కనబడకుండా పోయింది. చూస్తే గల్లాపెట్టె పక్కన రెండు స్టిక్కర్లు. నేను స్కాన్ చేసిన పాతది యజమాని తమ్ముడి ఖాతాది. పిన్ కొట్టే ముందు తెర మీద పేరు వస్తుంది కదా, అది పైకి చదివి "ఈ పేరు మీదేనా?" అని అడగడం నాకు అప్పటినుంచే అలవాటు.

రెండూ సక్సెస్ అయి, రెండూ ఆయనకే చేరి ఉంటే మీ బ్యాంకు దాన్ని దానంతటది వెనక్కి తేదు. తిరిగి ఇవ్వాల్సింది షాపాయనే.

మొదటిది ఫెయిల్డ్ అనో పెండింగ్ అనో ఉండి, డబ్బు మాత్రం కట్ అయి ఉంటే సంగతి వేరు. అప్పుడు బాధ్యత బ్యాంకులది. 2019 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, వ్యాపారికి చేరని యూపీఐ డబ్బు లావాదేవీ జరిగిన రోజు తరవాత 5 రోజుల్లో మీ ఖాతాకు తిరిగి రావాలి. దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం. మీకు పది రోజులైంది కాబట్టి 5 రోజుల ఆలస్యం, అంటే రూ.6,480 మీద మరో రూ.500. ఆ క్యూఆర్ వ్యాపార ఖాతాది కాక ఆయన సొంత ఖాతాదైతే గడువు ఒక్క రోజే, పరిహారం రూ.900 అవుతుంది. కాబట్టి ముందు స్టేట్‌మెంట్ మొత్తం చూడండి, డబ్బు చప్పుడు లేకుండా వెనక్కి వచ్చేసి ఉండొచ్చు కూడా. రాకపోతే యాప్‌లో అదే లావాదేవీ కింద ఫిర్యాదు పెట్టి, యూటీఆర్ రాసి బ్యాంకు బ్రాంచిలో కూడా కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. 30 రోజుల్లో తేలకపోతే cms.rbi.org.in లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపొచ్చు.

ఇకమీదట చక్రం తిరుగుతుంటే రెండోసారి కొట్టకండి. బేగి వెళ్లాలని ఉన్నా ముందు బ్యాలెన్స్ చూసుకోండి. కట్ అయి ఉంటే, బిల్లు వెనక యూటీఆర్ చివరి నాలుగు అంకెలు రాసి, షాపాయన ఫోన్ నంబరు తీసుకుని, "రేపు చూసుకుందాం" అనండి. ఒప్పుకోకపోతే ఆ సరుకు పక్కన పెట్టించి రండి.

రీఫండ్ పేరుతో ఎవరైనా ఫోన్ చేసి "ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు వస్తుంది" అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలోంచి పోవడమే గానీ లోపలికి రాదు. పొరపాటున కొట్టేస్తే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.