నడుం వాల్చి చూడండి

చిరంజీవి సుధకి,

నువ్వు తెలుగు చేసి పంపిన మూడు యాడ్ లైన్లూ చూశాను. ఇంగ్లీషులో ఉన్నదంతా తెలుగులోకి వచ్చింది. కాకపోతే మనింట్లో అలా ఎవరూ మాట్లాడరు.

నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఒక పరుపుల కంపెనీ ‘ఫీల్ ద డిఫరెన్స్’ని తెలుగు చెయ్యమంది. ‘తేడా అనుభవించండి’ అని రాసిచ్చాను. హోర్డింగు ఎక్కిన మర్నాడు టీ కొట్టు దగ్గర ఒకాయన దాన్ని పైకి చదివి, “పరుపు తేడాగా ఉందట, కొన్నాక అనుభవించాలట” అన్నాడు. కొట్టంతా నవ్వింది, నేను తప్ప. ‘తేడా’ అనగానే మనవాళ్లకి ఏదో తిరకాసు తోస్తుంది. ‘అనుభవించు’ సుఖానికీ వాడే మాటే, కానీ ‘అనుభవించండి’ అని ఎదుటివాడితో అంటే శాపనార్థంలా ఉంటుంది.

అప్పుడు మా సీనియర్ ఒక్కటే అడిగారు: “ఈ లైను చదివినవాడు ఏం చెయ్యాలి?” షాపుకొచ్చి పరుపు మీద పడుకుని చూడాలి. అంతే కదా. ‘ఒక్కసారి నడుం వాల్చి చూడండి’ అని మార్చాం. అందులో డిఫరెన్స్ లేదు, ఫీల్ లేదు. పని మాత్రం ఉంది.

ముంబైలో క్లయింటుకి తెలుగు రాదు, తిరిగి ఇంగ్లీషులో చెప్పమంటాడు. మాటకు మాట చెబితే ‘నడుము వంచి చూడండి’ అన్నట్టు వస్తుంది, ఆయన హడలిపోతాడు. అందుకే ఎప్పుడూ రెండు వరుసలు పంపు: ఒకటి మాటకు మాట, రెండోది తెలుగువాడికి అది ఎలా వినిపిస్తుందో. మొదటిది చూసి లైను కొట్టేస్తే రెండోది పట్టుకుని ఫోన్లో వాదించు.

సర్ఫ్ ఎక్సెల్ ‘దాగ్ అచ్ఛే హైఁ’ని గమనించు. హిందీలో బహువచనం. అలాగే దించితే ‘మరకలు మంచివి’ అయ్యేది, బడి గోడ మీద సూక్తిలా. ‘మరక మంచిదే’ అన్నారు. చివరి ‘ఏ’ దగ్గరే ఉంది కిటుకంతా: ‘నువ్వు తిట్టబోతున్నావు గానీ, ఆగు’ అని పిల్లాడి తరఫున తల్లితో మాట్లాడుతుంది. హిందీ లైనులో ఆ ఒత్తు లేదు. ఇలాంటివి మన దగ్గర బోలెడు.

రాశాక బొమ్మ చూపించకుండా ఫోన్లో ఇద్దరికి చదివి వినిపించు. దేని గురించో అడుగు. తర్వాత కాలేజీ కుర్రాడికిచ్చి వెక్కిరించమను. వాడికి అర నిమిషంలో వెటకారం దొరికితే ఆ లైను వద్దు.

నీ మూడో లైను, ‘స్టే కూల్’కి ‘చల్లగా ఉండండి’, కూల్ డ్రింకుకి పనికిరాదు. కుర్రాళ్లకి కాళ్లకు దండం పెట్టించుకుని దీవించినట్టుంది. కానీ పారెయ్యకు, దాచుకో. ఎప్పుడైనా ఏసీ పని వస్తే బామ్మ నోట పెడదాం.

మీ బాబాయి