దేవుని మందిరంల మసి పట్టకుండ దీపం పెట్టుడు

బిడ్డా స్వాతీ,

మహబూబ్‌నగర్ నుంచి నువ్వు పంపిన ఫొటో చూసిన. చెక్క మందిరం పైకప్పు రెండు నెలలకే నల్లగయ్యిందని, నూనె మంచిది కాదేమోనని అడిగినవు. నూనె సంగతి తర్వాత చెప్త. ముందు నీ దీపం మంట ఎంత పొడుగుందో చూడు. ఫొటోల అది వేలు పొడుగున లేచింది, కొస ఎర్రగ ఊగుతున్నది. మసి అక్కడనే పుడ్తది. వత్తి ఎంత బయటికి ఉంటే అంత నూనె పైకి గుంజుతది. గుంజిన నూనె అంత కాలెటందుకు మంటకు గాలి చాలకపోతే, కాలనిది మసై పైకి పోతది.

కాటుక ఎట్ల పట్టేటోళ్లమో నీకు ఎరికనే. ఆముదం దీపం మీద రాగి చెంబు మంటకు తాకేటట్టు బోర్లిస్తే, చల్లటి లోహం తగిలి మంట సగంల ఆగి మసి పట్టేది. నీ మందిరం పైకప్పు కూడ మంటకు జానెడు ఎత్తులనే ఉన్నది. అందుకే ఎంత మంచి నూనె పోసినా అక్కడ నల్లగైతది, ఆ చెక్క రోజూ వేడికి ఎండి ఎప్పుడన్న అంటుకునే ప్రమాదం కూడ ఉంటది. దీపాన్ని మందిరంల నుంచి తీసి ముందర పీట మీద పెట్టు. పైన మూరెడు పైనే ఖాళీ ఉండాలె. కింద ఇత్తడి తాంబాలం పెట్టు, కర్టెను దగ్గర ఉండొద్దు.

ఇగ వత్తి. దుకాణంల తెచ్చిన తెల్లటి వత్తుల్లో కొన్నిట్ల పాలిస్టర్ కలుస్తది. ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడు. అసలు పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిదైతది. కరిగి నల్లటి గట్టి పూసలెక్క మిగిలితే ఆ పొట్లం పక్కన పారెయ్యి. ఇంట్ల పత్తి ఉంటే ఇంక మంచిది. గింజలు తీసి, మరీ గట్టిగ కాకుండ పేని, అగ్గిపుల్లకు రెట్టింపు లావుగ చేసుకో. గట్టిగ పేనితే నూనె ఎక్కదు, మరీ లావైతే మంట పెద్దదైతది. నూనెల పూర్తిగ నానినంక కొస బియ్యపు గింజంత మాత్రమే బయటకు ఉంచి ముట్టించు. మధ్యల పొగ వస్తే పుల్లతో వత్తిని లోపలికి జరుపు, అదే సరిపోతది.

నూనెల్ల నాకు రోజుకు నచ్చేది నువ్వుల నూనె. వత్తికి తొందరగ ఎక్కుతది, మంట నిలకడగ ఉంటది. ఆముదం మన దిక్కు బాగ పండేదే, కని అది చిక్కన, వత్తిల మెల్లగ ఎక్కుతది. ఒక్క ఆముదమే పోస్తే మంట చిన్నగైతది, చలికాలం మరీ డీలాపడ్తది. అందుకే మూడు చెంచాల నువ్వుల నూనెకు ఒక చెంచ ఆముదం కలుపుత, నూనె మెల్లగ తరుగుతది. అసలు ఆవు నెయ్యికి మసి తక్కువ. దానికి పువ్వొత్తి మంచిది, కని చలికాలం గడ్డకడ్తది గనుక కరిగించి వత్తిని ముంచినంకనే ముట్టించు. కొబ్బరి నూనె కూడ చలికి గడ్డకడ్తది.

సీసా మీద "దీపారాధన నూనె, తినడానికి కాదు" అని రాసి, చౌకగ, ఘాటు సెంటు వాసన కొట్టేది కొనకు. అందుల్ల ముడి చమురు నుంచి వచ్చే మినరల్ నూనె కలిపే అవకాశం ఎక్కువ. దీపం ఆర్పినప్పుడు కిరోసిన్ లెక్క వాసన వస్తే అనుమానించు. కర్పూరం గురించి ఒక్క మాట: దాని మసి ఏ నూనెకన్న ఎక్కువ. హారతికి చిన్న బిళ్ల చాలు, కిటికీ తెరిచి ఇయ్యి.

నిజంగ తేడా తెలవాలంటే ఇట్ల చెయ్యి. నీ పాత వత్తి, పాత నూనెతోనే దీపం పెట్టి, మంట కొసకు కొంచెం పైన తెల్లటి పింగాణి సాసర్ వంద లెక్కపెట్టేదాక పట్టుకో, చెయ్యికి బట్ట చుట్టుకో. తర్వాత అదే నూనెతో వత్తి మాత్రం బియ్యపు గింజంత చేసి మళ్ల పట్టు. ఆఖరికి వత్తి అట్లనే ఉంచి నూనె మార్చు. ఒకేసారి రెండు మారిస్తే ఏది పని చేసిందో తెలవదు. మొదటిదానికి, రెండోదానికి మధ్యనే పెద్ద తేడా వస్తదని నా నమ్మకం.

కుంది రోజూ తుడువు. మిగిలిన నూనె జిగటై, దుమ్ము, కాలిన వత్తి ముక్కలు కలిసి వత్తికి అడ్డుపడ్తయి. నూనె పూర్తిగ తరిగి కుంది అడుగు కనపడితే వత్తి మొత్తం అంటుకుంటది. అట్లాంటప్పుడు నీళ్లు పొయ్యకు, కాగిన నూనె చిల్లి మంట ఎగుస్తది. స్టీలు గిన్నె బోర్లించు, గాలి అందక ఆరిపోతది. ఆ గిన్నె పీట పక్కనే ఎప్పుడూ ఉండాలె. దీపం పెట్టేటప్పుడు కొంగు నడుముకు చెక్కుకో, పిల్లగాన్ని దగ్గరికి రానియ్యకు. తాళం వేసుకొని పోయేటప్పుడు దీపం కొండెక్కించే పో.

మీ పెద్దమ్మ,
నల్లగొండ