స్ట్రక్చర్ బ్రేక్ అయితే కాయిన్‌పై అభిప్రాయం ఎప్పుడు మార్చుకోవాలి?

ప్రశ్న: హయ్యర్ హైలు, అంటే ముందటి కన్నా ఎత్తైన శిఖరాలు, వేస్తూ పైకి వెళ్తున్న కాయిన్ కిందటి లో, అంటే కిందటి పల్లం కన్నా కిందికి దిగితే ట్రెండ్ మారిపోయినట్టేనా? వెంటనే అమ్మేయాలా?

కింద ఉన్న ప్రతి లో లెక్కలోకి రాదు. ఏ లో నుంచి లేచిన కదలిక చివరి హయ్యర్ హైని వేసిందో, ఆ లో తెగినప్పుడే అప్‌ట్రెండ్ దెబ్బతిన్నట్టు నేను లెక్కిస్తాను. మధ్యలో ఏర్పడే చిన్న పల్లాలు తెగడం మామూలే.

బిట్‌కాయిన్ 2021 డైలీ చార్ట్ తెరిచి చూడండి. అక్టోబరు 20న సుమారు 67,000 డాలర్లకు చేరిన ధర, నెలాఖరుకు 58,000 దాకా దిగి, అక్కడి నుంచి లేచి నవంబరు 10న 69,000ను తాకింది. కాబట్టి కాపాడుకోవలసిన లో 58,000. నవంబరు 16న ధర పగటిపూట 59,000 కిందికి జారినా ఆ లోను తాకలేదు. క్యాండిల్ 60,000 దాపున ముగిసింది. స్ట్రక్చర్, అంటే హైలు, లోల వరుస, ఇంకా నిలిచే ఉంది. నవంబరు 18న మాత్రం క్యాండిల్ దాదాపు 57,000 దగ్గర క్లోజ్ అయింది. నా దృష్టిలో విరిగింది ఆ రోజే. క్యాండిల్ సన్నని తోక, అంటే విక్, ఒక్కటే దిగి, క్లోజ్ మళ్ళీ పైన ఉంటే అది తరచుగా నష్టాన్ని ఆపడానికి ముందే పెట్టిన స్టాప్ లాస్ ఆర్డర్లను ఊడ్చుకుపోవడమే అవుతుంది. చాలా ఎక్స్ఛేంజీలలో డైలీ క్యాండిల్ మన సమయం ప్రకారం తెల్లవారి 5:30కి ముగుస్తుంది కనుక, రాత్రి పదకొండింటికి చార్ట్ చూసి తీర్పు చెప్పడం తొందరపాటే.

అయితే ఆ క్లోజ్‌తోనే బయాస్, అంటే ధర ఎటు వెళ్తుందన్న మన అభిప్రాయం, పూర్తిగా కిందికి తిరగదు. పడినప్పుడల్లా కొనే అలవాటును అక్కడితో ఆపడం, అంతవరకే. తరువాతి బౌన్స్ ఎంత ఎత్తుకు వెళ్తుందన్నదే అసలు పరీక్ష. ధర నవంబరు 20 ప్రాంతంలో దాదాపు 60,000 వరకు లేచి, 69,000కు చాలా దిగువనే ఆగి, నవంబరు 26న 53,500 దరిదాపులకు పడింది. లోయర్ హై, దాని వెంట లోయర్ లో, రెండూ కనిపించాకే డౌన్‌ట్రెండ్ అని రాసుకున్నాను. డిసెంబరు 4న కొన్ని గంటల్లోనే ధర 42,000 దాకా కూలింది. నవంబరు 26 తరువాత ఏ రోజైనా 60,000 పైన క్లోజ్ వచ్చి ఉంటే, ఆ లోయర్ హై తెగినందువల్ల నా బేరిష్ అభిప్రాయాన్ని వదులుకునేవాణ్ణి. అటువంటి గీత ఒకటి ముందే గీసుకోకుండా బయాస్ పెట్టుకోవడంలో అర్థం లేదు.

ఇక మీ కాయిన్ సంగతి. పదిహేను నిమిషాల చార్ట్‌లో స్ట్రక్చర్ రోజుకు ఎన్నోసార్లు విరుగుతుంది; దాన్ని చూసి నెలల తరబడి ఉంచుకునే హోల్డింగ్‌ను అమ్మకూడదు, ఏ టైమ్‌ఫ్రేమ్ చూసి కొన్నారో దానిలోనే బ్రేక్‌ను చూడాలి. వాల్యూమ్ పలుచగా ఉండే చిన్న కాయిన్లలో ఒక్క పెద్ద ఆర్డరే లోను తెంచగలదు కాబట్టి, అక్కడ నేను బిట్‌కాయిన్ స్ట్రక్చర్‌ను కూడా పక్కన పెట్టుకుని చూస్తాను.